నోరు తెరిస్తే ఇన్-ఇయర్‌లో బేస్ పోతోంది

> "కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్లు చేయించుకున్నాను. పై స్థాయి పాడేటప్పుడు బేస్ మాయమై, వాల్యూమ్ పెంచాల్సి వస్తోంది. డ్రైవర్ పోయిందా?"

లోపలి చిన్న స్పీకర్, అంటే డ్రైవర్ కాదు, మానిటర్‌కీ చెవి కాలువకీ మధ్య సీల్ వదులుతున్నట్టుంది. నోరు బాగా తెరిస్తే దవడ కీలు కదిలి చెవి కాలువ ఆకారం మారుతుంది. చిన్న సందు పడినా ముందు పోయేది బేసే.

1. 50 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. పాడకుండా "ఆ" అన్నట్టు నోరు తెరవండి. శబ్దం పలచబడి, వేలితో మానిటర్‌ను లోపలికి నొక్కగానే తిరిగొస్తే సీల్ సమస్యే.

2. చెవి అచ్చు ఎలా తీశారో గుర్తు చేసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. గాయకులకు ముందు పళ్ల మధ్య బైట్ బ్లాక్ పెట్టి, నోరు తెరిచి ఉంచి, సిలికాన్ గట్టిపడేదాకా కదలకుండా తీయాలి. అచ్చు కాలువ రెండో మలుపు దాటాలి. నా మొదటి జత నోరు మూసి తీసిందే, అందుకే మళ్లీ చేయించాను. కొత్త జతైతే రీఫిట్ అడగండి.

3. అప్పటిదాకా వాల్యూమ్ పెంచొద్దు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు వినగలిగితే, 94 దగ్గర గంటే. ఒక చెవిది తీసేసి పాడటమూ వద్దు, రెండోదాన్ని ఇంకా పెంచేస్తాం.