శుక్రవారం రాత్రి 40 నిమిషాలు, శనివారం తెల్లవారుజామున లాంగ్ రన్

ప్రశ్న: చెన్నైలో ఉద్యోగం, ఇద్దరు చిన్న పిల్లలు. జనవరిలో ఫుల్ మారథాన్ పరుగెత్తాలని ఉంది. వారానికి మూడుసార్లు మించి కుదరదు. సరిపోతుందా?

జవాబు: పూర్తి చేయడానికి సరిపోతుంది. నేను అలాగే చేశాను, 4 గంటల 34 నిమిషాలు పట్టింది. అయితే మొదటి ఏడాది తప్పు చేశాను. ఉన్న టైమే తక్కువ కదా అని ప్రతి పరుగూ రొప్పుతూ పరుగెత్తాను. ఆరు వారాలకి మోకాలి కింద ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమనేది. అలా ఒకే బిందువు దగ్గర నొప్పి ఉంటే ఎముకకే దెబ్బ తగిలి ఉండొచ్చు, ఆపేసి డాక్టర్ని కలవండి. నాకు మూడు వారాలు పోయాయి.

రెండోసారి గట్టి పరుగు మంగళవారం ఒక్కటే పెట్టుకున్నాను, 45 నిమిషాలు. 10 నిమిషాలు మెల్లగా, తర్వాత 8 నిమిషాల చొప్పున మూడుసార్లు వేగంగా, మధ్యలో రెండేసి నిమిషాలు జాగింగ్, మిగతా 7 నిమిషాలు మళ్ళీ మెల్లగా. వేగమంటే రెండు మూడు మాటలకు మించి పలకలేనంత, అంతే.

అసలు ఉపయోగపడింది శుక్రవారం రాత్రి. పిల్లలు తొమ్మిదింటికి పడుకున్నాక తిరువాన్మియూరులో మా వీధుల్లోనే 40 నిమిషాలు, ఫోన్లో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా. ఏడున్నరకే అన్నం, రసం తినేసేవాణ్ణి, వచ్చాక ఒక అరటిపండు. తెల్లవారి 4:45కి బీసెంట్ నగర్ వైపు లాంగ్ రన్. రాత్రి అలసట కాళ్ళల్లో ఇంకా ఉంటుంది కాబట్టి 24 కిలోమీటర్లే పరుగెత్తినా చివరి ఐదూ అంతకన్నా ఎక్కువ దూరం పరుగెత్తాక ఉన్నట్టే ఉంటాయి. ఏడున్నరకి ఇంట్లో ఉండేవాణ్ణి. ఎనిమిది తర్వాత పిల్లలు నా బాధ్యత, మా ఆవిడ హాయిగా పడుకునేది. ఈ ఒప్పందం లేకపోతే ప్లాన్ నాలుగు వారాలు కూడా నిలిచేది కాదు.

శనివారం మొదటి మూడు కిలోమీటర్లలోనే మామూలు పేస్‌కి ఆయాసం వస్తే శుక్రవారం ఎక్కువైందని అర్థం. ఆ రోజు దూరం తగ్గించేయండి. కానీ మన చెన్నై ఉక్కపోత కూడా అదే పని చేస్తుంది, తెల్లవారుజామున చల్లగా ఉన్నట్టుంటుంది గానీ గాలిలో తేమ విపరీతం. అందుకే నేను వాచీ చూడటం మానేసి ఊపిరినే నమ్ముకున్నాను. నవంబర్ వానలకి రోడ్లు మునిగితే మంగళవారం పరుగు అపార్ట్‌మెంట్ ట్రెడ్‌మిల్ మీదే.

ఈ జోడీతో తీరనిది ఒక్కటుంది. 30 కిలోమీటర్ల పరుగులు కనీసం రెండు విడిగా చేయాలి. దారిలో ఏం తింటే కడుపు ఒప్పుకుంటుందో తెలిసేది అప్పుడే. నాకు 24వ కిలోమీటర్ దగ్గర జెల్ తినగానే వాంతి వచ్చింది, తర్వాత ఖర్జూరాలకి మారాను. ఆ రెండు శనివారాలకీ నెల్లూరు నుంచి మా అత్తగారిని ముందురోజే పిలిపించుకున్నాం.