దగ్గితే గజ్జలో ఉబ్బు: పేగు ఇరుక్కుందని ఎలా తెలుస్తుంది?

నాకు 52 ఏళ్లు. ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాను. మూడు నెలలుగా దగ్గినా, మూట ఎత్తినా కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తోంది. పడుకుంటే పోతుంది. పెద్దగా నొప్పి లేదు. బీడీల అలవాటు ఉంది, దగ్గు రెండు నెలలుగా వదలడం లేదు. బెల్టు కట్టుకుంటే చాలని కొందరు, పేగు ఇరుక్కుంటే ప్రాణం పోతుందని కొందరు అంటున్నారు. ఆపరేషన్ తప్పదా? ఇరుక్కుంటే ఎలా తెలుస్తుంది? – ఓ పాఠకుడు, ఆదోని

మీరు రాసినదాన్ని బట్టి ఇది గజ్జలో వచ్చే హెర్నియాలాగే ఉంది. చాలామంది ‘పేగు దిగింది’ అనేది దీన్నే. సర్జన్ మిమ్మల్ని నిలబెట్టి, దగ్గమని, చేత్తో పట్టి చూస్తే చాలావరకు తేలిపోతుంది. స్కానింగ్ అందరికీ అవసరం ఉండదు. వృషణం సంచిలో నీరు చేరినా వాపు వస్తుంది గానీ, అది పడుకున్నంత మాత్రాన లోపలికి పోదు. గజ్జలో బిళ్లలు కట్టినా అంతే.

మగవాళ్లలో వృషణానికి వెళ్లే రక్తనాళాలు, వీర్యనాళం పొట్ట గోడలోని ఒక సన్నని దారి గుండా కిందికి దిగుతాయి. పుట్టుక నుంచే అక్కడ గోడ కాస్త బలహీనం. దగ్గినా, బరువెత్తినా, మలవిసర్జనకు ముక్కినా పొట్టలో ఒత్తిడి పెరిగి, లోపలి పొర సంచిలా బయటికి తోసుకొస్తుంది. అందులోకి ఒక్కోసారి కొవ్వు, ఒక్కోసారి పేగు జారుతుంది. పడుకుంటే తిరిగి లోపలికి పోతున్నంతకాలం పేగుకు ఇబ్బంది లేదు. మీరిప్పుడు ఈ దశలోనే ఉన్నారు, కాబట్టి ఈ రాత్రికి రాత్రే పరుగెత్తనక్కర్లేదు.

ఇబ్బంది అంతా ఆ సంచి మెడ దగ్గర. మూట మూతికి తాడు బిగించినట్టు అక్కడ పేగు బిగుసుకుంటే, ముందు రక్తం వెనక్కి వెళ్లే సిరలు మూసుకుంటాయి. దాంతో పేగు ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ బిగువు ఇంకా పెరుగుతుంది, చివరికి లోపలికి వచ్చే రక్తమూ ఆగిపోతుంది. కొన్ని గంటల్లోనే ఆ ముక్క చచ్చుబడిపోవచ్చు. అందుకే గడియారం చూసుకోవాల్సిన జబ్బు ఇది.

మొదటి గుర్తు ఉబ్బులోనే కనిపిస్తుంది. రోజూ పడుకోగానే పోయేది ఆరోజు పోదు. మెత్తగా ఉండేది గట్టిపడుతుంది, తాకితే ఓర్చుకోలేనంత నొప్పి. దగ్గినప్పుడు ఇదివరకు చేతికి తగిలే తోపుడు ఇప్పుడు తగలదు, ఎందుకంటే మెడ మూసుకుపోయింది. తర్వాత పొట్ట కథ మొదలవుతుంది. బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, వాంతులు, కడుపు ఉబ్బరం, అపానవాయువు కూడా పోకపోవడం. ఉబ్బు మీద చర్మం ఎర్రబడినా, జ్వరం వచ్చినా, గుండె వేగంగా కొట్టుకున్నా ఆలస్యం అయిపోయినట్టే. ఇవన్నీ కలిసి వచ్చేదాకా ఆగొద్దు. గట్టిపడి, నొప్పిపుట్టి, లోపలికి పోని ఉబ్బు ఒక్కటి చాలు బయల్దేరడానికి. కొందరిలో పేగు గోడలో ఒక పక్క మాత్రమే ఇరుక్కుంటుంది. వాళ్లకు విరేచనం అవుతూనే ఉంటుంది, అయినా ఆ పక్క చచ్చుబడుతుంది.

పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు సంగతి చెబుతాను. ఏళ్ల తరబడి ఉబ్బును తనే చేత్తో లోపలికి నెట్టుకునేవాడు. ఓ సాయంత్రం వేరుశనగ మూట ఎత్తాక అది వెనక్కి పోలేదు. గ్యాస్ అనుకుని సోడా తాగాడు, నొప్పి బిళ్ల వేసుకున్నాడు. అర్ధరాత్రికి వాంతులు. తెల్లవారుజామున నొప్పి కాస్త తగ్గితే ఇంట్లోవాళ్లు నయమైందనుకున్నారు. అసలు మోసం అక్కడే: పేగు చచ్చుబడ్డాక నొప్పి తగ్గినట్టు అనిపించవచ్చు. మధ్యాహ్నానికి పొట్ట డప్పులా ఉబ్బి, నాలుక ఎండి వచ్చాడు. ఆపరేషన్లో బిగువు తెంచి, వేడి సెలైన్లో తడిపిన గుడ్డ పేగుపై కప్పి కాసేపు ఆగాం. బతికున్న పేగయితే రంగు తిరుగుతుంది, కదులుతుంది, దాని నాళాల్లో నాడి తగులుతుంది. అతనిది నల్లగానే ఉండిపోయింది. ఆ ముక్క కోసేసి రెండు కొసలు కలిపి కుట్టాం. మనిషి బతికాడు. కానీ అలాంటి చోట ఇన్ఫెక్షన్ భయంతో పొట్ట గోడకు బలాన్నిచ్చే వలలాంటి మెష్ పెట్టలేదు, అందువల్ల హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువే.

మీకు అలా జరిగితే ఏమీ తినకండి, నీళ్లు కూడా తాగొద్దు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఆముదం, విరేచనాల మందు అసలే వద్దు. ఉబ్బును బలంగా నొక్కి లోపలికి తోయకండి. చచ్చుబడ్డ పేగు చిట్లవచ్చు, లేదంటే బిగువుతో సహా సంచి మొత్తం లోపలికి పోయి, ఉబ్బు కనిపించకపోయినా లోపల జబ్బు సాగుతూనే ఉంటుంది. 108కి ఫోన్ చేసి, సర్జన్, మత్తు డాక్టర్ రాత్రి కూడా ఉండే చోటికి వెళ్లండి. దగ్గర్లో లేకపోతే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి. ఆదోని నుంచి అది దాదాపు 100 కిలోమీటర్లు, ఆ ప్రయాణం సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

బెల్టు రంధ్రాన్ని మూయదు. పేగు పూర్తిగా లోపలికి పోకముందే కడితే దాన్నే నొక్కుతుంది. ఆపరేషన్ చేయలేని ముసలివాళ్లకు తప్ప నేను రాయను.

ఇక ఆపరేషన్ సంగతి. మీతో భయం అమ్మను. నొప్పి పెద్దగా లేని మగవాళ్లపై అమెరికాలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ లేకుండా ఆగినవాళ్లలో అత్యవసరం వచ్చింది ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికంటే తక్కువమందికే. అయితే ఆ ఆగినవాళ్లలోనే పదేళ్లు తిరిగేసరికి దాదాపు మూడింట రెండొంతుల మంది, ఎక్కువగా నొప్పి పెరిగి, ఆపరేషన్ చేయించుకున్నారు. మీరు రోజూ మూటలు మోస్తారు, కాబట్టి వీలు చూసుకుని చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆడవాళ్లలో గజ్జకు కాస్త కింద, తొడ మొదట్లో వచ్చే హెర్నియా వేరు, అది త్వరగా ఇరుక్కుంటుంది. దానికి ఆగడం అనే మాటే లేదు.

మీ విషయంలో కత్తి కంటే ముందు కఫం పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితం. దగ్గు ఆగకుండా ఆపరేషన్ చేస్తే కుట్లమీద ప్రతి దగ్గూ దెబ్బే. బీడీలు కనీసం నాలుగు వారాల ముందే మానేయండి. మూత్రం సన్నగా వస్తుంటే, మలబద్ధకం ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి.

సాధారణంగా గజ్జ దగ్గర కోసి, పొట్ట గోడ బలహీనంగా ఉన్నచోట మెష్ పెట్టి కుడతారు, నడుము దగ్గర ఇంజెక్షన్‌తో కాళ్లు మొద్దుబారితే సరిపోతుంది. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాప్రోస్కోపీకి పూర్తి మత్తు కావాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. ఆపరేషన్ రోజో మర్నాడో నడిపిస్తారు, వారం పది రోజుల్లో చిన్న పనులు చేసుకోవచ్చు. మూటలు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తొద్దు. యార్డులో మేస్త్రీతో ముందే మాట్లాడుకుని, కూలి తక్కువగా ఉండే నెల చూసి తేదీ పెట్టుకోండి.