చెరువు ఎవరి మీద అలిగింది?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. గడగడా చదివేస్తాడు, కానీ పుస్తకం మూశాక ఏం చదివావంటే చెప్పలేడు. చదువుతూ దృశ్యాన్ని ఊహించుకోమంటే గుర్తుంటుందా? ఎలా నేర్పాలి?

జవాబు:

గుర్తుంటుంది. అయితే "చదువుతూ" అన్న మాటను మాత్రం వదిలేయండి. కళ్లు అక్షరాల వెంట పరుగెత్తుతున్నప్పుడే మనసులో బొమ్మ కూడా గీయమనడం పిల్లలకు రెట్టింపు భారం. విన్నప్పుడు మనసులో సులువుగా ఏర్పడే, ఏది ఎక్కడుందో చూపే బొమ్మ, అదే సమాచారాన్ని చదవవలసి వచ్చినప్పుడు దెబ్బతింటుందని లీ బ్రూక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లోనే చూపించారు. 1976లో మైకేల్ ప్రెస్లీ అనే పరిశోధకుడు ఎనిమిదేళ్ల పిల్లలకు కథ ఇచ్చినప్పుడు, కొంత భాగం చదివించి, తరువాత వచ్చే ఖాళీ పేజీ వద్ద ఆగి బొమ్మ ఊహించుకోమన్నారు. అలా చేసినవారు కథ మీద అడిగిన ప్రశ్నలకు మిగిలినవారికంటే మెరుగ్గా జవాబిచ్చారు. నా దృష్టిలో కిటుకంతా ఆ ఖాళీ పేజీలోనే ఉంది.

ఈ సంగతి నాకు మా అమ్మాయి వల్ల అర్థమైంది. తొమ్మిదేళ్ల వయసులో ఒకనాడు ఆమె ఒక కథలోని ఈ వాక్యాలను తప్పు లేకుండా చదివింది: "రాత్రంతా వాన కురిసింది. తెల్లవారేసరికి చెరువు నిండి అలుగు పారింది. మేకలు అలుగుకు అవతల చిక్కుకున్నాయి. సోమయ్య కట్ట మీద నిలబడి తల పట్టుకున్నాడు." సోమయ్య ఎందుకు తల పట్టుకున్నాడని అడిగితే "వాన వచ్చింది కదా" అంది. పుస్తకం మూయించి బొమ్మ వేయమన్నాను. మూతి ముడుచుకుని, రెండు కాళ్లతో పరుగెత్తుతున్న ఒక చెరువును వేసి, "చెరువు ఎవరి మీద అలిగింది నాన్నా?" అని నన్నే అడిగింది.

నగరంలో పెరిగిన పిల్లకు అలుగు అంటే అలగడమే తప్ప, నిండిన చెరువులోని మిగులు నీరు బయటికి పోవడానికి కట్టకు ఒక చివర తక్కువ ఎత్తులో కట్టే రాతి కట్టడమని (తెలంగాణలో మత్తడి అంటారు) ఎలా తెలుస్తుంది? బొమ్మ అడగకపోతే ఆ పొరపాటు నాకూ తెలిసేది కాదు. ఆ సాయంత్రం పళ్లెంలో చపాతీ పిండితో ఒక కట్ట పెట్టి, ఒక చివర దాన్ని కొంచెం అణిచి, నీళ్లు పోశాను. నీరు అణిచిన చోటు నుంచే పొర్లింది. అవతల నాలుగు చింతగింజలు పెట్టగానే, నేను అడగకముందే, "అయితే దారి నీళ్ల కింద ఉంది, మేకలు రాలేవు" అంది. మాట తెలియనప్పుడు ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా బొమ్మ రాదు, వచ్చినా తప్పుగా వస్తుంది.

అప్పటి నుంచి మేము చేసిన పద్ధతి చిన్నది. మూడు నాలుగు వాక్యాలు చదవగానే వేలు పెట్టి పుస్తకం మూసి, ఖాళీ గోడ వైపు చూడాలి. నేను అడిగేవి రెండు ప్రశ్నలు: "నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావు? నీకు ఎడమవైపు ఏముంది?" రంగులూ వాసనలూ తరువాత, ముందు ఎవరు ఎక్కడ ఉన్నారో తేలాలి. చెప్పాక పుస్తకం తెరిచి, ఆ సంగతి ఏ మాట చెప్పిందో వేలితో చూపించాలి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. మా అమ్మాయి ఒకసారి చెరువులో పడవను చేర్చింది. మర్నాడు కథ చెబుతూ సోమయ్యను ఆ పడవలోనే దాటించేసింది! అందుకని కాగితం మీద వేసినప్పుడు, కథలో ఉన్నవి పెన్సిల్‌తోనూ, తాను కలిపినవి ఎర్ర రంగుతోనూ వేయమన్నాను. ఎరుపు తప్పు కాదు, కాని కథ తిరిగి చెప్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి.

బొమ్మకు ఒక్క నిమిషమే ఇవ్వండి, గీతల మనుషులు చాలు. ఎక్కువ సమయం ఇస్తే మేక కొమ్ములకు రంగు వేస్తూ కథను మరిచిపోతారు. ఇక ప్రతి పేజీలో సగం నిండేలా రంగుల బొమ్మలు అచ్చువేసే పిల్లల పుస్తకాల మీద నాకు పాత కోపం ఉంది: బొమ్మ ముందే ఉంటే పిల్లవాడు వాక్యాన్ని ఎందుకు తడుముకుంటాడు? మేము ఆ బొమ్మలను కాగితంతో కప్పి చదివి, చివరన తీసి పోల్చి చూసేవాళ్లం.

కొందరికి మనసులో బొమ్మ అసలే రాదు. మీ బాబు "నాకేమీ కనిపించడం లేదు" అంటే అది మొండితనం అనుకోకండి. చింతగింజలు, దారం ఇచ్చి నేల మీదే దృశ్యాన్ని పేర్చమనండి. ఈ పద్ధతి కథలకూ, ప్రయాణ వర్ణనలకూ, సైన్సులో నీటి చక్రం వంటి పాఠాలకూ సరిపోతుంది. పౌరశాస్త్రంలో హక్కుల పాఠానికి మేము ప్రయత్నిస్తే మిగిలింది ఒక జెండా బొమ్మ మాత్రమే.

రోజుకు ఒక్క పేరా, రెండు ఆగింపులు చాలు. నెల తిరిగేసరికి మా అమ్మాయి తనంతట తానే మధ్యలో ఆగి, "ఇక్కడ నాకు కనిపించడం లేదు, ఈ మాట ఏమిటి?" అని అడగడం మొదలుపెట్టింది.