ఏఎన్ఎం వాయిస్ నోట్ల నుంచి ఒకే క్షేత్ర నివేదిక: ముందు మనుషులను విడదీయండి

ప్రశ్న: మా ఏఎన్ఎం గారు మూడు రోజులు నాలుగు ఊళ్ళు తిరిగి వాట్సాప్‌లో పదిహేనుకు పైగా వాయిస్ నోట్లు పంపారు. వాటన్నిటినీ కలిపి ఒక నివేదిక రాసే పని నాకు అప్పగించారు. ఒక్కో నోటును రెండు వాక్యాలకు కుదించి వరుసగా పెట్టాను. డాక్టరు గారు "ఇందులో నాకు ఏమీ అర్థం కాలేదు" అన్నారు. ఎలా రాయాలి?

జవాబు:

నేనూ మొదట అలాగే రాశాను. ఏజెన్సీ ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నోటుకు రెండు వాక్యాలు రాసుకుంటూ పోయిన ఒక నివేదిక వల్ల బాగా దెబ్బ తిన్నాక పద్ధతి మార్చుకున్నాను. ఆ సంగతే చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

వానాకాలం. సిస్టర్ గారు సోమ, మంగళ, బుధవారాల్లో తిరిగి 17 నోట్లు పంపారు, మొత్తం 42 నిమిషాలు. ఊళ్ళ పేర్లు చెప్పను, వాగు ఊరు, గుట్ట ఊరు, రోడ్డు ఊరు అనుకోండి. జ్వరాల గురించి ఆమె మాటలు ఇవి. వీటిలో ఆర్డీటీ అంటే అక్కడికక్కడే కిట్టుతో చేసే మలేరియా పరీక్ష, పీఎఫ్ అంటే మలేరియాలో ప్రమాదకరమైన రకం:

సోమవారం, వాగు ఊరు: "ఏడెనిమిది మందికి జ్వరాలున్నాయి. ఐదుగురికి ఆర్డీటీ చేశాను, ఒక బాబుకు పీఎఫ్ పాజిటివ్. మొదటి రోజు మందు నా ముందే వేయించాను."

మంగళవారం, గుట్ట ఊరి దారిలో: "రోడ్డు ఊరి ఆశా కలిసింది. వాళ్ళ ఊళ్ళో నలుగురికి జ్వరాలట. కిట్టు ఒకటే ఉంటే ఒక బాబుకు చేసిందట, పాజిటివట. మందు అయిపోయిందట."

బుధవారం, మళ్ళీ వాగు ఊరు: "సోమవారం వాళ్ళలో ముగ్గురికి తగ్గింది. కొత్తగా ఇద్దరు, ఇద్దరికీ నెగెటివ్. పాజిటివ్ వచ్చిన బాబు ఇంట్లో లేడు, రోడ్డు ఊళ్ళో అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళారట. మందు అట్ట మాత్రం గూట్లోనే ఉంది. ఆ ఆశాకు ఒకసారి ఫోన్ చేసి చెప్పండి, నాకు ఇక్కడ సిగ్నల్ లేదు."

గురువారం రాత్రి కూర్చుని నేను కూడినది ఇది: 8, 4, 2 కలిపి 14 జ్వరాలు, 2 మలేరియా కేసులు. శుక్రవారం ఉదయం పంపేశాను. పది నిమిషాల్లో డాక్టరు గారి ఫోను: "రోడ్డు ఊళ్ళో పాజిటివ్ ఎవరు? మందు ఎక్కడ మొదలుపెట్టారు?" నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ నోట్లు వింటే తెలిసింది, రోడ్డు ఊరి పాజిటివ్ వాగు ఊరి బాబే. ఒకే పిల్లాడిని రెండు ఊళ్ళలో రెండు కేసులుగా రాశాను. అంతకన్నా ఘోరం, మూడు రోజులు వేయాల్సిన మందు ఒక్క రోజే పడింది, మిగతాది వాగు ఊరి గూట్లో ఉంది. ఫోన్ చేయమన్న సిస్టర్ గారి మాటను నేను "బాబు అమ్మమ్మగారింటికి వెళ్ళాడు" అని సమాచారంగా కుదించి పడేశాను. నివేదికలో ఆ వాక్యం ఆరో పేరాలో ఉంది కూడా. నిజం చెప్పాలంటే అదే నాకు ఎక్కువ సిగ్గు. వెంటనే ఆశాను పట్టుకుని బాబును పిలిపించాం, మందు సంగతి ఆ తర్వాత డాక్టరు గారు చూసుకున్నారు.

ఈ పొరపాటుకు మూలం ఏమిటంటే, ఒక నోటు మరో నోటును సవరిస్తుంది. బుధవారం మాట మంగళవారం మాటను సరిదిద్దింది. కానీ మంగళవారం పేరా అప్పటికే రాయడం అయిపోయింది కనుక నేను వెనక్కి వెళ్ళలేదు. అందుకే నోట్లను కుదించకండి. ముందు వాటిని విడగొట్టి, మనిషికో వరుస చొప్పున ఒక పట్టిక రాయండి: ఏ ఊరు, ఏ ఇల్లు, వయసు, ఏం ఉంది, ఎప్పటి నుంచి, పరీక్ష చేశారా, ఏం ఇచ్చారు, ఏ నోటులో ఎన్నో నిమిషంలో విన్నారు. అదే మనిషి మరో నోటులో వస్తే కొత్త వరుస వేయకుండా పాత వరుసలోనే చేర్చండి. నా 14 జ్వరాలను ఇలా రాస్తే ఏమైందో చూడండి.

సోమవారం "ఏడెనిమిది మంది" అన్నారు కానీ ఒక్కొక్కరి వివరం చెప్పింది ఆరుగురికే. ఫోన్ చేసి అడిగితే, మిగతా ఒకరిద్దరికి పోయిన వారమే తగ్గిపోయిందని ఇంట్లోవాళ్ళు చెప్పారన్నారు. అంటే ఆరుగురు. మంగళవారం నలుగురిలో ఒకడు ఆ బాబే, కాబట్టి కొత్తవాళ్ళు ముగ్గురు. బుధవారం ఇద్దరు. మొత్తం 11. వీళ్ళలో ఏడుగురిని సిస్టర్ గారు స్వయంగా చూశారు, నలుగురి గురించి విన్నారు. పరీక్ష అయినవాళ్ళు ఏడుగురు, పాజిటివ్ ఒక్కరే. ఇంకా పరీక్ష కానివాళ్ళు నలుగురు: రోడ్డు ఊళ్ళో ముగ్గురు, వాగు ఊళ్ళో పోడు పొలానికి వెళ్ళి ఇంట్లో దొరకని ఒకాయన. డాక్టరు గారికి ఆ రోజు కావలసింది ఈ నలుగురే. నా మొదటి నివేదికలో వీళ్ళు ఎక్కడా లేరు. బాబును రెండు చోట్ల పరీక్షించారు కనుక కిట్ల లెక్కలో మాత్రం ఎనిమిది పడతాయి. మనుషుల లెక్క వేరు, కిట్ల లెక్క వేరు. అన్నట్టు, ఆర్డీటీ పీఎఫ్‌కు మందు వేశాక కూడా కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు. కాబట్టి రెండో పాజిటివ్ కనిపించగానే కొత్త కేసు అనుకోకండి, ముందు మనిషి ఎవరో తేల్చండి.

ఇక వినడం గురించి. మన భాషలో "ట" అనే ఒక్క అక్షరం ఉంది చూడండి, నివేదిక రాసేవాళ్ళకు అది పెన్నిధి. "జ్వరాలున్నాయి" అంటే ఆమె చూశారు. "జ్వరాలట" అంటే ఎవరో చెప్పారు. బుధవారం నోటులో బాబు అమ్మమ్మగారింటికి వెళ్ళడం విన్న మాట, అట్ట గూట్లో ఉండడం కళ్ళారా చూసిన విషయం. పట్టికలో "చూసినది", "విన్నది" అని ఒక గడి పెట్టుకుని ఈ "ట"ను కాపాడండి. త్వరగా అయిపోతుందని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటే మొదట వినపడకుండా పోయేది ఈ అక్షరమే. నేను మొదటిసారి మామూలు వేగంతో, ఏమీ రాయకుండా, మొత్తం ఒకే విడతలో వింటాను. రెండోసారి ఆపుకుంటూ రాస్తాను. 42 నిమిషాల నోట్లకు దాదాపు మూడు గంటలు పడుతుంది.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. "ఏడెనిమిది మంది" అంటే ఉజ్జాయింపు. అదే గర్భిణి హిమోగ్లోబిన్ చెబుతూ "ఏడు ఎనిమిది" అంటే 7.8. ఏడుకు తక్కువైతే తీవ్ర రక్తహీనత, ఆ గీత దగ్గర పాయింటు పక్క అంకె ఊరికే వదిలేసేది కాదు. "ఇద్దరు ముగ్గురు" అన్నదాన్ని ఐదుగురని కూడినవాళ్ళను కూడా చూశాను. ఉజ్జాయింపు అయితే నివేదికలోనూ "సుమారు" అనే రాయండి, లేకపోతే ఫోన్ చేసి తేల్చుకోండి.

నెలల లెక్క ఇంకో చిక్కు. "ఎనిమిదో నెల" అంటే ఏడు నిండి ఎనిమిదోది నడుస్తోందని. "ఎనిమిది నెలలు నిండాయి" అంటే తొమ్మిదోది వచ్చిందని. రెండింటినీ "8 నెలలు" అని రాస్తే, వాగు పొంగకముందే గర్భిణుల వసతి గృహానికి తీసుకురావలసిన ఆవిడ విషయంలో నెల తేడా వస్తుంది. నెల అని రాయకుండా తల్లీబిడ్డల కార్డులో ఉన్న చివరి నెలసరి తేదీని గాని, ప్రసవ తేదీని గాని అడిగి రాయండి.

తేదీల విషయంలో ఫోనును నమ్మకండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఫైలు పేరు ఇది:

`PTT-20240716-WA0012.opus`

చూస్తే 16వ తేదీ, మంగళవారం. కానీ అందులో ఉన్నది సోమవారం వాగు ఊరి మాట. అక్కడ సిగ్నల్ లేక, మర్నాడు రోడ్డెక్కాక నోటు వచ్చింది. "నిన్న", "మొన్న", "నాలుగు రోజుల నుంచి" అన్న మాటలన్నీ ఆమె మాట్లాడిన రోజు నుంచి లెక్క వేయాలి, ఫైలు మీది తేదీ నుంచి కాదు. అసలు ఇప్పుడు మా సిస్టర్లందరూ నోటు మొదట్లోనే "సోమవారం, వాగు ఊరు, నాలుగో ఇల్లు" అని చెప్పి మొదలుపెడతారు. అలవాటు కావడానికి నెల పట్టింది కానీ నాకు సగం పని తగ్గింది.

ఇంకొకటి, ఆమె చెప్పనిదాన్ని సున్నాగా రాయకండి. గుట్ట ఊళ్ళో "విరేచనాలు ఎవరికీ లేవు" అన్నారు, అది సున్నా. వాగు ఊళ్ళో విరేచనాల మాటే ఎత్తలేదు, అది "ప్రస్తావన లేదు". పట్టికలో రెండూ వేరుగా కనిపించాలి. సున్నా పెడితే ఆ ఊరు బాగుందని పైవాళ్ళు అనుకుంటారు, అక్కడ ఎవరూ అడగనే లేదన్న సంగతి మరుగున పడుతుంది.

పట్టిక అయ్యాక నివేదిక ఒక్క పేజీ చాలు. మొదట, ఈ రోజే ఎవరైనా చేయవలసిన పనులు: ఎవరి కోసం, ఏ ఊళ్ళో, ఎవరు వెళ్ళాలి. నా విషయంలో బాబు మందు, పరీక్ష కాని నలుగురు, రోడ్డు ఊరి ఆశాకు కిట్లు, మందులు. తర్వాత ఊరి వారీగా చిన్న పట్టిక. దాని కింద విన్నవి, తేలనివి. నోట్లలో సిస్టర్ గారు అడిగిన పనులు, అంటే "ఫోన్ చేయండి", "పంపించండి" లాంటివి, మొదటిసారి వింటున్నప్పుడే వేరే కాగితం మీదికి ఎక్కించి వెంటనే చేయండి. నివేదిక పూర్తయ్యే దాకా అవి ఆగకూడదు.

పేర్లు మీ దగ్గరి పట్టికలోనే ఉంచండి. పైకి వెళ్ళే పేజీలో ఊరు, ఇంటి నంబరు, వయసు సరిపోతాయి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పట్టిక పెట్టకండి, ఒక ఊళ్ళో ఎవరికి క్షయ పరీక్ష రాశారో సాయంత్రానికల్లా పక్క ఊరికి తెలిసిపోయిన సందర్భం నాకు తెలుసు.

పంపేముందు సిస్టర్ గారికి ఫోన్ చేసి ఆ ఒక్క పేజీ చదివి వినిపించండి. పది నిమిషాలు పడుతుంది. ఆ శుక్రవారం నేను ఆ పని చేసి ఉంటే, రెండు మలేరియా కేసులు అని చదవగానే "రెండెక్కడివండీ, ఆ బాబు ఒక్కడే కదా" అని ఆవిడ అక్కడే ఆపేసేవారు. తర్వాత నేను ఫోన్ చేసినప్పుడు ఆవిడ అన్న మొదటి మాట అదే.