డిపాజిట్ అడిగితే పాలసీ చేతిలో పెట్టారు

ప్రశ్న: మా వారు పోయాక వచ్చిన 8 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి ఇరవై ఏళ్లుగా ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లాను. అక్కడి అధికారి కొడుకులా కూర్చోబెట్టి, "అమ్మా, 6 లక్షలు డిపాజిట్‌లో, 2 లక్షలు ఇంకా ఎక్కువ వచ్చే స్కీములో వేద్దాం. ఒక్కసారి కడితే చాలు" అన్నాడు. చూపిన చోటల్లా సంతకం పెట్టాను. 11 నెలలైంది. వచ్చే నెల మళ్లీ 2 లక్షలు కట్టాలని నిన్న నోటీసు వచ్చింది. అప్పుడెప్పుడో కొరియర్‌లో వచ్చి బీరువాలో ఉన్న కవరు తెరిస్తే, పదేళ్లు కట్టాలి, ఇరవై ఏళ్ల పాలసీ అని ఉంది. నా వయసు 61, ఫ్యామిలీ పెన్షన్ 19 వేలు. ఫారంలో మాత్రం నాది వ్యాపారమని, ఏడాదికి 9 లక్షల ఆదాయమని ఎవరో రాశారు. ఏడాది నిండాక సరెండర్ చేసుకోమని బ్యాంకువాళ్లు, పాలసీ ఇప్పుడే అందిందని రాసి రద్దు చేయించమని మా మేనల్లుడు అంటున్నారు. నమ్మించి ఇలా చేస్తారా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: చివర్లో మాటవరసకు రాసిన ఆ ఆదాయం సంగతే మీ కేసుకు ప్రాణం. అధికారి నోటితో ఏం చెప్పాడన్నది మీరు రుజువు చేయలేరు. ఆయన కాదంటాడు, ఫారం మీద మీ సంతకం చూపిస్తాడు. ఇరవై ఏళ్ల పరిచయం, కొడుకులా మాట్లాడటం ఏ విచారణలోనూ సాక్ష్యం కావు. కానీ ఫారంలోని 9 లక్షలు అబద్ధమని మీ పెన్షన్ పత్రాలే చెబుతాయి. అదే బ్యాంకులో, అదే ఖాతాలో నెలనెలా 19 వేలు పడుతున్నాయని పాస్‌బుక్ చెబుతుంది. అంటే మీ అసలు ఆదాయం ఏడాదికి 2 లక్షల 28 వేలు. ప్రీమియం 2 లక్షలు. మిగిలిన 28 వేలతో ఏడాదంతా బతుకుతూ, 80 ఏళ్లు దాటేదాకా ఎదురుచూసే పాలసీని ఎవరూ తెలిసి కొనుక్కోరు. నిజమైన ఆదాయం రాస్తే కంపెనీ ఈ పాలసీకి అభ్యంతరం చెప్పేది. అందుకే అంకె మార్చారు. మీ వాదనంతా దీని చుట్టూనే నడవాలి.

ఇప్పుడు ఆ కవరులోని ప్రపోజల్ ఫారం నకలు ముందు పెట్టుకుని తీరిగ్గా చూడండి. సంతకం మీది, మిగతా రాత ఎవరిది? అందులో ఉన్న ఫోను నంబరు, ఈమెయిలు మీవేనా? కంపెనీ నుంచి వచ్చే ఫోన్లు కొనుగోలుదారుకు చేరకుండా అమ్మినవారు తమ నంబరే రాసిన కేసులు నేను చూశాను. ఫారం వేరొకరు నింపితే, విషయాలన్నీ మీకు వివరించినట్టు చివర ఒక ధ్రువీకరణ ఉంటుంది. ఫారం ఇంగ్లీషులో ఉండి మీ సంతకం తెలుగులో ఉంటే, దాని కింద ఎవరి పేరుందో తప్పక చూడండి. పాలసీ అమ్మిన వ్యక్తి పేరు, కోడ్ కూడా ఉంటాయి. ఎదురుగా కూర్చున్న మనిషి ఆయనేనా? తేడా ఉంటే రాసి పెట్టుకోండి.

ఇక ఒక మాట కఠినంగానే చెప్పాలి. ఆ కవరును నెలల తరబడి తెరవకుండా బీరువాలో పెట్టడం మీ తప్పే. పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నచ్చలేదని రాసి ఇస్తే, స్వల్ప కోతలతో డబ్బు వెనక్కి వచ్చేది. ఫ్రీలుక్ గడువంటే అదే. ఆ 30 రోజుల్లో మోసం రుజువు చేయనక్కరలేదు, ఇప్పుడు రుజువు చేయాలి.

అందుకే మీ మేనల్లుడి సలహా ఆకర్షణీయంగా కనిపిస్తోంది. ఆ పని మాత్రం చేయకండి. కవరు ఏ తేదీన ఎవరు సంతకం చేసి తీసుకున్నారో కొరియర్ రికార్డులో ఉంటుంది. కంపెనీ ఆ కాగితం ఒక్కటి చూపిస్తే చాలు, మీరు అబద్ధం రాశారని తేలిపోతుంది. ఆపైన ఆదాయం గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. కవరు ఫలానా నెలలో అందింది, డిపాజిట్ కాగితాలే అనుకుని తెరవలేదు అని ఉన్నదున్నట్టు రాయండి. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ నుంచి ఫోను వస్తే, అన్నిటికీ ఔనని చెప్పమని అధికారి చెప్పి ఉంటే, అదీ దాచకండి. ఆ రికార్డింగు వాళ్ల దగ్గర ఉంటుంది.

సరెండర్ కూడా వద్దు. సరెండర్ అంటే పాలసీ సక్రమమైనదేనని ఒప్పుకుని, కట్టినదానికంటే తక్కువ తీసుకుని బయటికి రావడం. ఆ కాగితం మీద సంతకం పెట్టాక మోసమనే వాదన బలహీనపడుతుంది. రెండో ప్రీమియం కట్టినా అంతే. అలాగని ఏమీ చెప్పకుండా మానేయకండి, పాలసీ మీద వివాదం ఉంది కాబట్టి కట్టడం లేదని రాతపూర్వకంగా తెలపండి.

ఈ వారంలోనే బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒకటి, బ్యాంకుకు ఒకటి ఫిర్యాదు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈ అమ్మకంలో బ్యాంకు కార్పొరేట్ ఏజెంటు, అంటే బీమా కంపెనీ తరఫున పాలసీ అమ్మిన సంస్థ, కాబట్టి తమకు సంబంధం లేదనడానికి వీల్లేదు. పాలసీ రద్దు చేసి పూర్తి 2 లక్షలు వాపసు ఇవ్వాలని అడగండి. మీరు సంతకం చేసిన అన్ని కాగితాల నకళ్లు, ఫోను రికార్డింగు కూడా కోరండి. పోస్టు రసీదు భద్రం. ఉత్తరం కంపెనీకి అందిన రోజు నుంచి జవాబుకు నెల రోజుల లెక్క మొదలవుతుంది.

కంపెనీ తిరస్కరించినా, నెలలోపు జవాబివ్వకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. అందుకు ఏడాది గడువుంటుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. డబ్బు వాపసు ఇప్పించవచ్చు, లేదా దీన్నే ఒక్కసారి కట్టే పాలసీగా మార్చమనీ చెప్పవచ్చు. ఆ తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మీకు నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కమిషన్‌లో ముందుగా కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి వరుస తప్పకండి.

కమిషన్‌కు కాలపరిమితి రెండేళ్లు. మోసం నిన్ననే తెలిసిందని వాదించే వీలున్నా, దాన్ని నమ్ముకోవద్దు. కవరు అందిన రోజు నుంచే రెండేళ్లు లెక్కపెట్టి, ఆ తేదీని పాలసీ బాండు అట్ట మీద రాసుకోండి. అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమైనా ఆ తేదీ దాటనివ్వకండి. 5 లక్షల లోపు కేసుకు అక్కడ కూడా ఫీజు లేదు.

మరొక పని ఈ రోజే చేయండి. ఆ 6 లక్షలకు ఇచ్చిన కాగితం బయటికి తీయండి. డిపాజిట్ రసీదైతే బ్యాంకు పేరు, వడ్డీ రేటు, గడువు తేదీ ఉంటాయి. ప్రీమియం, బీమా మొత్తం అనే మాటలు కనిపిస్తే అదీ పాలసీయే. ఆ రోజు కౌంటర్లో మీ ఎత్తు, బరువు, బీపీ, షుగరు గురించి అడిగారా, గుర్తు తెచ్చుకోండి. డిపాజిట్ వేసేవారిని ఏ బ్యాంకూ ఆ ప్రశ్నలు అడగదు. ఆ 6 లక్షల కాగితం కూడా పాలసీ అని తేలితే, ఫిర్యాదు పోస్టు చేయకముందే దాన్ని కూడా అందులో చేర్చండి.