క్లిఫ్‌హ్యాంగర్ ముగింపు సిరీస్‌ను రద్దు కాకుండా ఆపగలదా?

ప్రశ్న: సీజన్‌ను క్లిఫ్‌హ్యాంగర్‌తో, అంటే కథను ఉత్కంఠ మధ్యలో ఆపేసే ముగింపుతో ముగిస్తే తరువాతి సీజన్ వచ్చే అవకాశం పెరుగుతుందా? నాకు నచ్చిన రెండు సిరీస్‌లు సరిగ్గా అలాంటి చోటే ఆగిపోయాయి.

జవాబు: అమెరికన్ టీవీ సిరీస్ ‘లూసిఫర్’ మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌ను, ఆ సిరీస్ రద్దయిందన్న వార్త చదివిన తరువాతే నేను చూశాను. తాను సాతానునని లూసిఫర్ మూడేళ్లుగా నిజం చెప్పినా నమ్మని డిటెక్టివ్ క్లోయీ, అతని అసలు ముఖాన్ని కళ్లారా చూసిన క్షణంలో ఆ కథ ఆగుతుంది. మామూలుగా అయితే తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత కలగాలి, నాకు మాత్రం ఎవరో సగం రాసి వదిలేసిన ఉత్తరం చదివినట్లు అనిపించింది. ఆ తరువాత తేదీలు వెతికి చూస్తే అసలు సంగతి అర్థమైంది.

ఫాక్స్ ఛానల్ ఆ సిరీస్‌ను రద్దు చేసింది 2018 మే 11న, చివరి ఎపిసోడ్ ప్రసారమైంది మే 14న. అంటే ఆ ముగింపును ప్రేక్షకులు చూడకముందే తీర్పు వచ్చేసింది. అమెరికాలోని పెద్ద ఛానళ్లు శరదృతువులో ప్రసారం చేయబోయే కార్యక్రమాలను మే నెల మధ్యలో ప్రకటనదారులకు చూపిస్తాయి కాబట్టి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అంతకుముందే తేల్చుకుంటాయి. చివరి ఎపిసోడ్ చిత్రీకరణ దానికి కొన్ని వారాల ముందే ముగుస్తుంది. కాబట్టి రచయితలు సాధారణంగా ఫలితం తెలియకుండానే ఆ ముగింపు రాస్తారు, ఛానల్ కూడా దానికి ఎంత రేటింగ్ వస్తుందో తెలియకుండానే నిర్ణయిస్తుంది. రద్దు చేయడం అసాధ్యం కావాలన్న ఉద్దేశంతోనే అంత పెద్ద క్లిఫ్‌హ్యాంగర్ పెట్టామని సిరీస్ రచనను నడిపించే షోరన్నర్ జో హెండర్సన్ తరువాత బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆ పాచిక పారలేదు.

ఛానల్ అప్పుడు చూసేది సీజన్ మొత్తం మీద ప్రేక్షకుల సంఖ్య ఎటు పోతోంది, ఎపిసోడ్‌కు తాము ఎంత కడుతున్నాము, సిరీస్ ఎవరి సొంతం అన్న లెక్కలనే. ‘లూసిఫర్’ను నిర్మించింది వార్నర్ బ్రదర్స్. ఇలా బయటి సంస్థ తీసిన సిరీస్‌కు ఛానల్ ప్రసార రుసుము కడుతుంది, విదేశీ అమ్మకాల లాభం మాత్రం ప్రధానంగా నిర్మాణ సంస్థకే పోతుంది. అందువల్ల రేటింగ్ తగ్గినప్పుడు సొంత సిరీస్ మీద చూపే ఓపికను ఛానల్ బయటివాళ్ల సిరీస్ మీద చూపదు. అయితే ఇదే కారణం తరువాత మేలు చేసింది. హక్కులు నిర్మాణ సంస్థ చేతిలో ఉండటంతో మరో చోట అమ్ముకునే వీలు మిగిలింది, జూన్ 15న నెట్‌ఫ్లిక్స్ నాలుగో సీజన్‌ను ప్రకటించింది. ఛానల్ సిరీస్‌లలో నటీనటుల ఒప్పందాలు సాధారణంగా జూన్ 30 వరకే వారిని కట్టి ఉంచుతాయి, ఆ గడువు దాటితే అందరినీ మళ్లీ కూడగట్టడం కష్టం.

క్లిఫ్‌హ్యాంగర్ ఏమైనా ఉపయోగపడి ఉంటే ఆ ఐదు వారాల్లోనే అని నా అభిప్రాయం. #SaveLucifer అంటూ రాసినవాళ్లందరి నోటా ఒకే ప్రశ్న ఉండేది: ఇప్పుడు క్లోయీ ఏం చేస్తుంది? అంతమంది ఒకే మాట అడుగుతుంటే కొనేవాడికి గిరాకీ కళ్లకు కనిపిస్తుంది. కానీ కొనగలిగేవాడు ఉంటేనే అది పనికొస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2019లో ‘ది ఓఏ’ను రెండో సీజన్ తరువాత అలాగే కథ మధ్యలో ఆపేసినప్పుడు కూడా అభిమానులు గట్టిగానే పోరాడారు, మూడో సీజన్ మాత్రం రాలేదు.

‘జె.ఆర్.ను కాల్చిందెవరు?’ అన్న ‘డల్లాస్’ ఉదాహరణను చాలామంది ఎత్తిచూపుతారు. 1980 మార్చిలో సీజన్ చివర అడిగిన ఆ ప్రశ్నకు నవంబర్‌లో జవాబు చెప్పినప్పుడు అమెరికాలో 8 కోట్లకు పైగా జనం చూసిన మాట నిజమే. అయితే ఆ సిరీస్ అప్పటికే తొలి పది స్థానాల్లో ఉంది. నిలదొక్కుకున్న సిరీస్‌కు ప్రేక్షకులను పెంచడం వేరు, పడిపోతున్నదాన్ని నిలబెట్టడం వేరు.

స్ట్రీమింగ్‌లో ఇది ఎదురు తన్నే ప్రమాదం కూడా ఉంది. అక్కడ సీజన్ విడుదలైన తొలి వారాల్లో ఎంతమంది చూశారు, ఎంతమంది చివరిదాకా చూశారు అన్నది ఖర్చుతో పోల్చి చూస్తారు. నాలాంటివాళ్లు రెండుమూడు సార్లు దెబ్బతిన్నాక, తరువాతి సీజన్ ఖాయమయ్యేదాకా కొత్త సిరీస్ మొదలుపెట్టడం మానేశాము. మేము ఆగిన కొద్దీ ఆ తొలి వారాల సంఖ్య తగ్గుతుంది, ఆ తగ్గుదలే రద్దుకు మరో కారణమవుతుంది. ఇది తెలిసి కూడా నేను ఆ అలవాటు మార్చుకోలేదు. చివరి ఎపిసోడ్ చూసేముందు తరువాతి సీజన్ ప్రకటన వచ్చిందో లేదో, నిర్మాణ సంస్థ ఎవరో ఇప్పటికీ వెతుకుతాను.