గుండె కనిపించే గడియారం కొనబోతున్న మా చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, నాన్న షష్టిపూర్తికి నువ్వు ఆటోమేటిక్ వాచీ కొంటున్నావనీ, స్కెలిటన్ తీసుకోవాలా ఓపెన్ హార్ట్ తీసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నావనీ చెప్పింది. సంతోషమేసింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళు రాజమండ్రిలో వాచీలు విప్పి బిగించినవాణ్ణి. నా తమ్ముడి చేతికి వాచీ కొంటూ నన్ను అడగకుండా ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తావట్రా?

సరే, తిట్టడం అయిపోయింది, విషయానికి వస్తాను.

ఓపెన్ హార్ట్ అంటే డయల్ మామూలుగానే ఉంటుంది. ఒకచోట, చాలావాటికి తొమ్మిది అంకె దగ్గర, గుండ్రంగా కోసి లోపల అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ వీల్‌ను, అంటే వాచీ గుండెను, చూపిస్తారు. స్కెలిటన్‌కి డయలే ఉండదు, ఉన్నా అంచున చిన్న రింగు మాత్రమే. లోపలి ప్లేట్లను కూడా చెక్కి తీసేసి ఎముకల గూడులా వదులుతారు. నువ్వు పంపిన రెండు ఫొటోలూ మీ అమ్మ నాకు చూపించింది. స్కెలిటన్ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ఫొటోలో వాచీ ఎప్పుడూ పదీ పది చూపిస్తూ ఉంటుందని గమనించావా? ముళ్ళు రెండూ విడివిడిగా, ఎడంగా కనబడే టైము అది. కొట్టువాణ్ణి ఎనిమిదీ నలభై ఐదుకి పెట్టి, చెయ్యి చాచినంత దూరం నుంచి ఇంకో ఫొటో తీసి పంపమను. దాన్ని నీ ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి, ఒక్క క్షణం చూసి పక్కన పెట్టు. టైము ఎంతో చెప్పగలిగావా?

స్కెలిటన్‌లో చెప్పలేవు. ముళ్ళూ మెరిసే లోహమే, వాటి వెనక చక్రాలూ మెరిసే లోహమే, పైగా ఆ చక్రాలు కదులుతుంటాయి. నీ కళ్ళకి ఇప్పుడు పాతికేళ్ళు కాబట్టి వెతుక్కుంటావు. మీ నాన్నకి అరవై నిండుతున్నాయి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని బియ్యం మిల్లంతా వెతుకుతాడు. ఓపెన్ హార్ట్‌లో పోయేది ఒక్క తొమ్మిది గుర్తే. నలభై ఐదో నిమిషం దగ్గర పెద్ద ముల్లు కన్నం మీదికి వచ్చినప్పుడు రెండు మూడు నిమిషాల తేడా రావచ్చు, అంతే. ముళ్ళు నీలం రంగువో నల్లవో, డయల్ తెల్లదో ఉండేట్టు చూసుకో. చీకట్లో మెరిసే రంగు ఈ రెండు రకాల్లోనూ సామాన్యంగా ఉండదు. తేదీ కూడా లేనివే ఎక్కువ. మిల్లు బిల్లులు రాసే మనిషి తేదీ కోసం వాచీనే చూస్తాడు, అది ముందే మీ అమ్మ చెవిన వేసి ఉంచు.

"డయల్‌కి కన్నం ఉంటే మిల్లు దుమ్ము లోపలికి పోదా?" అని నువ్వు అడిగావట. పోదు. పైన గ్లాసు ఉంది కదరా. దుమ్ము వచ్చేది చావి పక్క నుంచి, వెనక మూత అంచు నుంచి. అక్కడ ఉండే రబ్బరు రింగులు ఎండిపోతే మామూలు డయల్ వాచీలోకీ వస్తుంది. మండపేట మిల్లులో ఎగిరేది ఉత్త దుమ్ము కాదు. వరి ఊకలో సిలికా ఉంటుంది, అంటే ఇసుక గుణం. అది చావి సందులో చేరితే సానరాయిలా రింగుని అరగదీస్తుంది. కాబట్టి మిల్లులో ఉండగా చావి లాగి టైము సరిచేయొద్దని చెప్పు, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని చేసుకోమను. సర్వీసు చేయించిన ప్రతిసారీ రింగులు కొత్తవి వేయించాలి.

కన్నంతో అసలు ప్రమాదం వాచీ మూసి ఉన్నప్పుడు కాదు, విప్పినప్పుడు. ఇది నాకు ఎలా తెలిసిందో నీకు చెప్పాలి. మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

1997 ఎండాకాలం. కోనసీమ నుంచి ఒకాయన వచ్చాడు, కువైట్ నుంచి సెలవుకొచ్చిన మనిషి. చావి ఇచ్చుకునే స్కెలిటన్ వాచీ, పేరూ ఊరూ లేని మెషిను. గ్లాసు పగిలింది, మార్చమన్నాడు. అరగంట పని. మామూలు వాచీకి నేనెలా చేసేవాణ్ణో అలాగే చేశాను. పైన ఫ్యాను తిరుగుతోంది, పాత బనీను గుడ్డతో గ్లాసు కూర్చునే రింగు లోపలి వైపు తుడిచాను, కొత్త గ్లాసు బిగించాను. మామూలు డయల్ అయితే గుడ్డ పోగు పడ్డా డయల్ మీదే ఆగుతుంది, కనబడుతుంది, ఉఫ్ అంటే పోతుంది. స్కెలిటన్‌లో ఆగడానికి ఏముంది? పోగు బ్యాలెన్స్ వీల్ ఆకుల సందులోంచి జారి, దాని వెనకుండి దాన్ని ఊపే సన్నటి చుట్ల స్ప్రింగు, హెయిర్ స్ప్రింగ్, దగ్గరకి దిగిపోయింది. నేను చూడలేదు.

నాలుగో రోజున ఆయన మళ్ళీ వచ్చాడు. చేతికి ఉన్నంతసేపూ బాగానే ఉంటోందట, రాత్రి బల్ల మీద పెడితే తెల్లారేసరికి ఇరవై నిమిషాలు ముందుకి పోతోందట. అప్పుడే నాకు తట్టాల్సింది. పడుకోబెడితే ఒకలా, నిలబెడితే ఒకలా నడుస్తోందంటే లోపల ఏదో ఒకటి ఒరుగుతోందని అర్థం. రేడియో స్పీకరు పక్కన పెట్టి ఉంటారు, అయస్కాంతం పట్టిందనుకుని అది తీసేసే మెషిన్ మీద పెట్టాను. తగ్గలేదు. అప్పుడు ఇంకా పెద్ద తప్పు చేశాను. రోగం ఏమిటో తెలుసుకోకుండా, ముందు వెనకలు దిద్దే చిన్న మీటని నెమ్మది వైపు జరిపి ఇచ్చేశాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి చేతికి ఉండగా వెనకబడుతోందని.

కంటి గ్లాసు పెట్టుకుని వెతికితే దొరికింది. వెంట్రుకలో సగం మందం ఉన్న తెల్ల పోగు, హెయిర్ స్ప్రింగ్ రెండు చుట్ల మధ్య పట్టుకుని ఉంది. వాచీ వెల్లకిలా ఉంటే చుట్లని అంటుకుంటోంది. స్ప్రింగు అంతమేర పనిచేయకపోతే పొట్టిదైనట్టే లెక్క, పొట్టి స్ప్రింగు వీల్‌ని త్వరగా ఊపుతుంది, వాచీ ముందుకి పరిగెడుతుంది. పోగుకి నూనె కూడా అంటింది. మెయిన్ స్ప్రింగు బిగువు దింపి, బ్యాలెన్స్ తీసి, బెంజీన్‌లో ముంచితే పోగు దానంతటదే ఊడి తేలేది. పది నిమిషాల పని. "ఇంతోటి దానికి విప్పడమెందుకు" అనుకుని పట్టుకారుతో లాగాను. పోగుతో పాటు స్ప్రింగు చుట్టు కూడా వచ్చింది. వంగింది. దాన్ని సరిచేయబోయి ఇంకోచోట వంచాను.

పేరు లేని మెషిన్‌కి ఆ బ్యాలెన్స్ ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ వెళ్ళాను, చెన్నై వెళ్ళాను. చివరికి నా డబ్బుతోనే మామూలు మెషిన్ ఒకటీ దానికి సరిపడే డయలూ తెచ్చి ఆ కేసులో పెట్టి ఇచ్చాను. ఆయన కోప్పడలేదు. వాచీ అటూ ఇటూ తిప్పి చూసి, "మా పాప దీని గుండె చూస్తూ నిద్రపోయేదండి, ఇప్పుడేం చూపించను" అన్నాడు. నేను కొట్టు కట్టేసి గోదావరి గట్టున కూర్చున్నాను. మీ నాన్న వచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నాడు, రాత్రి పది దాకా. అప్పటినుంచి ఫ్యాను ఆపకుండా వెనక మూత విప్పలేదు, గుడ్డ ముట్టుకోలేదు. రబ్బరు బ్లోయరు, వేళ్ళకి తొడుగులు, అంతే.

అందుకే ఖర్చు సంగతి చెప్పేటప్పుడు నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. నా కొట్లో మామూలు ఆటోమేటిక్ పూర్తి సర్వీసుకి 1,500 రూపాయలు తీసుకుంటాను, ఓపెన్ హార్ట్‌కి 1,800, స్కెలిటన్‌కి 2,500. పెంచిన డబ్బు భాగాలకి కాదు, సమయానికి. స్కెలిటన్‌లో ప్రతి మరా బయటికి కనబడుతుంది. స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారితే గీత ఎప్పటికీ ఉంటుంది, వేలిముద్ర పడితే నెలల్లో మచ్చ తేలుతుంది. తక్కువకి చేస్తానన్నవాడు వీటిలో ఏదో ఒకటి వదిలేస్తాడు.

భాగాల ఖర్చు మాత్రం డయల్‌ని బట్టి కాదు, లోపలి మెషిన్‌ని బట్టి ఉంటుంది. సీకో వాళ్ళ ఎన్‌హెచ్ 35 అని మెషిన్ ఉంది, మామూలు డయల్‌ది. దానికే ఓపెన్ హార్ట్ రూపం ఎన్‌హెచ్ 38, స్కెలిటన్ రూపం ఎన్‌హెచ్ 70. లోపల నడిచే చక్రాలూ మెయిన్ స్ప్రింగూ చాలావరకు ఒకటే, కాబట్టి అరిగినవి దొరుకుతాయి, మరీ పాడైతే మెషిన్ మొత్తం మార్చినా మునిగిపోము. చెక్కిన ప్లేట్లు మాత్రం వేరు. స్కెలిటన్ ప్లేటుకి తుప్పు మచ్చ పడితే మామూలు మెషిన్ ప్లేటు తెచ్చి వేయలేను. కొనే ముందు మెషిన్ నంబరు అడుగు. చెప్పలేనివాడి దగ్గర కొనకు, ఎంత చవకైనా. ఇంకోటి, కన్నంలో ఏదో తిరుగుతున్నంత మాత్రాన అది గుండె కాదు. బ్యాటరీ వాచీలకి ఉత్త బొమ్మ చక్రం పెట్టి అమ్మేవాళ్ళున్నారు. సెకన్ల ముల్లు సెకనుకోసారి టిక్కుమని గెంతితే అది బ్యాటరీదే. ఈ ఎన్‌హెచ్ రకాలు సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటాయి, ముల్లు జారుతున్నట్టే ఉంటుంది.

కన్నం వల్ల ఒక మేలు కూడా ఉంది, ఒప్పుకుంటాను. జబ్బు ముందే కనబడుతుంది. బ్యాలెన్స్ నిండుగా, ఆకులు మసకబారేంత ఊపుగా ఊగుతుంటే ఆరోగ్యం. కొంచెం కదిలి కొంచెం ఆగుతున్నట్టు నీరసంగా ఊగితే, లేదా గ్లాసు లోపలివైపు ఆవిరి పడితే, ఆ వారమే నాకు పంపాలి. మామూలు వాచీ అయితే ఆగిపోయాకే తెలిసేది.

అందుకని మీ నాన్నకి ఓపెన్ హార్టే తీసుకో, డయల్ మీద అంకెలు పెద్దవిగా ఉన్నది. స్కెలిటన్ మీద నీకే మనసుంటే నీకు కొనుక్కో, నీ ఆఫీసులో ఏసీ, దుమ్ము లేదు, టైము ఎలాగూ ఫోన్‌లో చూస్తావు. నేనేమీ అనను. అంటాను, కానీ కొంచెమే.

కొన్నాక నేరుగా మండపేట తీసుకెళ్ళకు. ముందు నా దగ్గరకి రా. నడక కొలిచే మెషిన్ మీద పెట్టి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూస్తాను. మూత విప్పను, భయపడకు. మీ నాన్న చేతికున్న పాత హెచ్ఎంటీ జనతా కూడా ఏదో వంక చెప్పి తీసుకురా, దాని గ్లాసు గీతలు పడి ఆయనకి టైము కనబడక వారం క్రితం బస్సు తప్పిపోయాడట, మీ అమ్మ చెప్పింది. రెండూ కలిపి చూస్తాను. కొత్తదాని గ్లాసు మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది నువ్వు పీకకు. మీ నాన్న పీకాలి.

మీ పెదనాన్న